రెండు పేజీల బయోడేటా, డెబ్భై సెకన్ల పరిచయం: మూసీ వరద సభలో ఒక కేసు

ఇది హైదరాబాదు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభ. జూన్ మొదటి వారం, వానలు ఇంకా మొదలవలేదు. మూసీ ఒడ్డు కాలనీల సంక్షేమ సంఘాలు కొన్ని కలిసి పెట్టుకున్నాయి. వచ్చినవాళ్లలో సగానికి పైగా అత్తాపూర్, జియాగూడ, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఇళ్లున్నవాళ్లు. మిగతావాళ్లు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒకరిద్దరు పాత్రికేయులు. అతిథి రిటైరైన ఇంజనీరు. మూసీకి ఎగువన ఉన్న జంట జలాశయాలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల గేట్లు ఎప్పుడు, ఏం చూసి ఎత్తుతారన్నది ఆయన మాట్లాడబోయే విషయం. ఆయనకిచ్చిన సమయం 40 నిమిషాలు. ఆయన్ని సభకి పరిచయం చేయడం నా పని. సభలకి వ్యాఖ్యాతగా పనిచేయడమే నా వృత్తి. ఇందులో ఎవరి పేరూ, ఏ సంఘం పేరూ రాయడం లేదు.

సభకి వారం ముందు సంఘం కార్యదర్శి అతిథి బయోడేటా వాట్సాప్‌లో పంపారు. రెండు నిండు పేజీలు. పుట్టిన ఊరు, హైస్కూలు, ఉస్మానియాలో ఇంజనీరింగ్, ఆ తర్వాత పై చదువు. ఏఈగా చేరిన సంవత్సరం, డీఈ అయిన సంవత్సరం, ఈఈ అయిన సంవత్సరం. సభ్యుడిగా ఉన్న కమిటీలు, సమర్పించిన పత్రాలు, వెళ్లిన దేశాలు, అందుకున్న పురస్కారాలు. చివర్లో భార్య, పిల్లలు, మనవళ్ల వివరాలు. కింద కార్యదర్శి మాట: “మేడం, ఏదీ వదలకుండా చదవండి. పెద్దాయన.”

మొదట ఫోన్లో టైమరు పెట్టుకుని, సభలో చదివే వేగంతో ఆ రెండు పేజీలూ పైకి చదివాను. ఏడు నిమిషాలు దాటింది. ఈ కొలత ప్రతిసారీ తీసుకుంటాను. కార్యదర్శితో మాట్లాడేటప్పుడు “ఎక్కువ అవుతుందేమోనండీ” అంటే వినరు. “ఏడు నిమిషాలు, అంటే సార్ మాట్లాడే టైములో ఆరో వంతు” అంటే ఆగి ఆలోచిస్తారు. తెలుగులో నేను సభలో నిమిషానికి తొంభై మాటలకి కాస్త అటూ ఇటూగా పలుకుతాను. అంతకన్నా వేగంగా చదివితే వెనక వరసలకి మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే పరిచయానికి నేను పెట్టుకునే హద్దు నూరు, నూటపది మాటలు. నిడివి నిమిషం దాటొచ్చు గానీ నిమిషంన్నర దాటకూడదు.

బయోడేటాలో ఏది ఎవరికోసం

బయోడేటా చదివేటప్పుడు ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో ఒక గుర్తు పెడతాను. ఆ వాక్యం విన్నాక, ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి “అయితే?” అని ముందుకి వంగుతాడా, “సరే” అని వెనక్కి వాలతాడా? నేను చూసేది ఇదొక్కటే. ఇందులో గొప్పతనంతో పని లేదు. డీఈ నుంచి ఈఈ కావడం ఉద్యోగంలో పెద్ద మెట్టే, దాని వెనక ఎన్నో ఏళ్ల కష్టం ఉంటుంది. కానీ చాదర్‌ఘాట్‌లో కింది అంతస్తులో ఉండే గృహిణికి అది విన్నాక అడగాలనిపించే ప్రశ్న ఏదీ ఉండదు.

ఈ బయోడేటాలో అలా ముందుకి వంగించే వాక్యం ఒకే ఒక్కటి దొరికింది. రెండో పేజీలో, కమిటీల జాబితాకీ పురస్కారాల జాబితాకీ మధ్యన ఇరుక్కుని ఉంది: “హిమాయత్ సాగర్ వరద గేట్ల నిర్వహణ విధులు.” ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది తప్ప ఇంకే వివరమూ లేదు. 2020 అక్టోబరులో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఆయన ఆ విధుల్లోనే ఉన్నారని ఆ సంవత్సరాలు చెబుతున్నాయి. ఆ హాల్లో కూర్చోబోయే వాళ్లలో చాలామంది ఆ రాత్రి సామాను మేడ మీదికి మోసుకున్నవాళ్లే.

బయోడేటా రాసుకునే మనిషి దాన్ని ప్రమోషన్ కోసమో కమిటీ కోసమో రాసుకుంటాడు. అక్కడ గేట్ల డ్యూటీకి ఒక్క వాక్యం చాలు. మన సభకి ఆ ఒక్క వాక్యమే ప్రాణం. అందుకే కాగితం మీద ఉన్నదాన్ని కుదించి రాస్తే సరిపోదు. అతిథితో ఒకసారి మాట్లాడాలి.

ఫోను సంభాషణ

“మీ గురించి చెప్పండి సార్” అని అడిగితే మనుషులు బయోడేటానే మళ్లీ చెబుతారు. కాబట్టి పని గురించి అడుగుతాను. ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న: “గేటు ఎత్తమని చెప్పే ముందు మీరు ఏం చూసేవారు సార్?”

ఆయన వెంటనే అందుకున్నారు. “ముందు పైన వాన చూస్తామమ్మా. శంషాబాద్ వైపు, షాబాద్ వైపు ఎంత పడిందో. మన ఇంటి మీద పడ్డ వానతో పని లేదు. చెరువులోకి నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో చూస్తాం. పూర్తి మట్టం 1763.5 అడుగులు. దానికి ఎంత దూరంలో ఉన్నామో చూస్తాం. ఆ తర్వాత కింద ఉన్నవాళ్లు లేచి కదలడానికి టైము ఉందా అని చూస్తాం.”

“కింద ఉన్నవాళ్ల సంగతి మీకెలా తెలిసేది?” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: ఆఫీసు లాగ్‌బుక్కులో మట్టం, గేట్లు, టైము మాత్రమే రాస్తారు. ఆయన దానితో పాటు సొంతంగా ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. గేట్లు ఎత్తిన ప్రతిసారీ, వరద తగ్గాక ఆ కాలనీల్లో నడిచి, ఏ వీధిలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో గోడల మీది చార చూసి రాసుకునేవారు. ఇంత మేర గేట్లు ఎత్తితే ఏ వీధి మునుగుతుందో ఆయనకి ఆ నోటుబుక్కు చెబుతుంది.

రెండు పేజీల బయోడేటాలో ఈ నోటుబుక్కు లేదు. అడిగితే తప్ప వచ్చేది కాదు.

తర్వాత ఆయన ఇంకో సంగతీ చెప్పారు. 2000 ఆగస్టు వరదలో వాళ్ల సొంత ఇల్లే మునిగింది. ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నారు, ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉన్నారు. ఆ తర్వాత జరిగిందంతా చెప్పారు. వింటుంటే నాకు గొంతు పట్టేసింది. పరిచయంలో ఇది చెబితే హాలంతా నిశ్శబ్దమైపోతుందని అప్పుడే అర్థమైంది. అయినా అడిగాను: “ఇది సభలో చెప్పొచ్చా సార్?” “వద్దమ్మా. ఆవిడ కూడా వస్తోంది” అన్నారు. దాంతో ఆ వివరం అక్కడే ఆగిపోయింది. ఆసక్తి పుట్టించే వివరమైనంత మాత్రాన అది నాది కాదు. ఫోన్లో నమ్మి చెప్పిన మాటని మైకులో చెప్పాలంటే అనుమతి కావాలి. “పర్వాలేదులే” అని నసిగినా నేను దాన్ని వద్దనే లెక్కలోకి తీసుకుంటాను.

ఫోను పెట్టేసే ముందు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: “మీరు ఎక్కడ మొదలుపెడతారు సార్?” పరిచయాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వక్త దాచుకున్న కథని పరిచయకర్త ముందే చెప్పేస్తే, ఆయన లేచి నిలబడి, మొదటి వాక్యం ఏం అనాలో తెలియక “మేడం చెప్పినట్టుగా...” అని మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈయన నోటుబుక్కుతోనే మొదలుపెట్టాలనుకున్నారు. దాన్ని చేత్తో పైకెత్తి చూపించి, 2020 పేజీ చదువుతానన్నారు. మరి నా పరిచయానికి పనికొచ్చే ఒకే ఒక్క వివరమూ అదే. ఇద్దరం మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. నోటుబుక్కు ఉందని, అందులో వీధుల పేర్లున్నాయని నేను చెబుతాను. ఏ పేజీలో ఏముందో నేను ఎత్తను. ఎలా రాశారో, గోడ మీది చార సంగతీ ఆయనకే వదిలేస్తాను.

మొదటి చిత్తు ఎందుకు పనికిరాలేదు

మొదటి చిత్తు 1908తో మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి పాత నగరాన్ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని నగరంలో చెప్పుకుంటారు. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల నుంచే మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఇదంతా నిజమే, వినడానికి బాగుంటుంది కూడా. రాస్తున్నప్పుడు చేతికి అడ్డు లేకుండా వచ్చేసింది.

అదే దానితో చిక్కు. మూసీ గురించి ఎవరు మాట్లాడినా చింతచెట్టు దగ్గరే మొదలుపెడతారు, హాల్లో సగం మందికి ఆ కథ తెలుసు. పైగా అది నదికి పరిచయం అవుతుంది గానీ మనిషికి కాదు. ఆ పేరా తర్వాత వక్తగా ఎవరు వచ్చినా సరిపోతుంది: చరిత్రకారుడు రావచ్చు, కవి రావచ్చు. పరిచయంలో ఒక వాక్యాన్ని పరీక్షించడానికి ఇది మంచి దారి: ఇదే వాక్యాన్ని ఇంకో వక్తకి అతికించగలనా? అతికితే అది ఈయనది కాదు. ఇంకో సంగతి, అలా చరిత్ర చెబుతున్నంతసేపూ సభ నా మాట వింటుంది. నేనే చిన్న వక్తనైపోతాను. అసలు వక్త లేచేసరికి జనం ఒక ప్రసంగం అప్పటికే విన్నట్టు ఉంటారు.

చిత్తులో తర్వాతి భాగం పురస్కారాలు. వాటిని మూడుకి తగ్గించినా, ఒక్కటి ఉంచినా అదే ఫలితం. జాబితాలో ఒకటి చెప్పగానే వినేవాళ్లకి “ఇంకెన్ని ఉన్నాయో” అనిపిస్తుంది. అన్నీ తీసేశాను.

చివరికి చెప్పింది

“అందరికీ నమస్కారం. 2020 అక్టోబరులో ఆ రాత్రి మీలో చాలామంది నిద్రపోలేదు. నీళ్లు గుమ్మం దాకా వచ్చినవాళ్లు ఉన్నారు. ఇంట్లోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రి అందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకుని అడిగింది ఒకటే: గేట్లు ఎత్తారా? ఎన్ని ఎత్తారు? నీళ్లు మన దాకా ఎప్పుడొస్తాయి? ఆ రాత్రి హిమాయత్ సాగర్ గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న ఇంజనీరు ఇప్పుడు మన మధ్య కూర్చున్నారు. ఆఫీసు లాగ్‌బుక్కు కాక, ఆయన సొంతంగా ఒక నోటుబుక్కు రాసుకున్నారు. అందులో వీధుల పేర్లున్నాయి. మీ వీధి పేరు కూడా ఉండొచ్చు. ఆ నోటుబుక్కు ఈ రోజు తెచ్చారు. గేటు ఎత్తే ముందు ఏం చూస్తారు, ఎత్తాక మనకి ఎంత టైము ఉంటుంది, ఈ వానాకాలం మనం దేన్ని గమనిస్తూ ఉండాలి? ఈ మూడూ మనకి చెప్పబోతున్నారు, హిమాయత్ సాగర్ ఇంజనీరు శ్రీ ... గారు.”

ఇంట్లో చదువుకుంటే డెబ్భై సెకన్లు పట్టింది. సభలో “మీ వీధి పేరు కూడా ఉండొచ్చు” అన్న చోట కాస్త ఆగాను కాబట్టి ఇంకొంచెం పట్టి ఉంటుంది.

ఇందులో ఆయన అర్హత ఎక్కడుంది అని ఒక మిత్రురాలు అడిగింది. “ఆ రాత్రి గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న ఇంజనీరు” అన్నదే అర్హత. ఈ సభకి అంతకు మించిన డిగ్రీ లేదు. ఉస్మానియాలో చదివారని చెప్పినా ఎవరూ కాదనరు, కానీ ఆ రోజు ఎవరి మనసులోనూ ఆ అనుమానం లేదు. లేని అనుమానానికి జవాబు చెప్పడం వల్లే పరిచయాలు సాగిపోతాయి.

పేరు చివర్లో ఉంచడానికి కారణం చప్పట్లు. మన సభల్లో మామూలుగా “ఇప్పుడు శ్రీ ఫలానా గారిని ప్రసంగించవలసిందిగా సభ తరఫున సవినయంగా కోరుతున్నాను” అంటాం. పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి, మిగతా వాక్యం వాటి కింద నలిగిపోతుంది. అతిథి సగం లేచి, వాక్యం ఇంకా అవుతోందని మళ్లీ కూర్చుంటారు. క్రియని ముందుకి తెచ్చి పేరుతో ముగిస్తే ఆ తడబాటు ఉండదు. చప్పట్లు మొదలయ్యేదీ, ఆయన లేచేదీ, నేను మైకు వదిలేదీ ఒకే క్షణంలో జరుగుతాయి. పేరు చెప్పేటప్పుడు కాగితం చూడను, ఆయన వైపు చూస్తాను. ఇంటిపేరు పూర్తిగా చెప్పాలా, పొడి అక్షరాలు చాలా అన్నది ఫోన్లోనే అడిగి పెట్టుకుంటాను.

కార్యదర్శి గారి అభ్యంతరం

చివరి ప్రతి పంపగానే కార్యదర్శి ఫోను చేశారు. “ఇంతేనా మేడం? పురస్కారాలు చెప్పకపోతే సార్ చిన్నబుచ్చుకోరూ?” ఆయన భయం న్యాయమైనదే. హైదరాబాదు సభల్లో అతిథికి ఇచ్చే గౌరవం పరిచయం పొడుగుతో కొలిచే అలవాటు ఉంది. పొట్టిగా చెప్పినందుకు నొచ్చుకున్న పెద్దలు కూడా ఉన్నారు. దీనికి వాదన పనిచేయదు. తీసేసిన ప్రతి వివరానికీ ఇంకోచోట స్థానం చూపించాలి.

మూడు పనులు చేశాం. బయోడేటా మొత్తాన్ని ఒక పేజీకి సర్ది, ఆహ్వానపత్రం వెనక వేయించాం. సభ మొదలయ్యే ముందు కూర్చుని ఉన్నవాళ్లకి చదువుకోవడానికి అది పనికొచ్చింది, పాత్రికేయులకీ సంవత్సరాలు అందులోనే దొరికాయి. చివర్లో శాలువా కప్పేటప్పుడు ముఖ్యమైన పురస్కారం పేరు ఒక్క వాక్యంలో కార్యదర్శి గారే చెప్పారు. ప్రసంగం విన్నాక ఆ పురస్కారానికి జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు, ఎందుకొచ్చిందో అప్పటికి వాళ్లకి తెలుసు. ఇక మూడోది, పరిచయం పాఠాన్ని ముందే అతిథికి పంపడం. ఆయన ఒక్క మాట మార్చారు. నేను “గేట్లు నడిపిన ఇంజనీరు” అని రాస్తే, “నిర్ణయం నా ఒక్కడిదీ కాదమ్మా, డ్యూటీలో ఉన్న ఇంజనీరు అను” అన్నారు. ఆ మార్పు వల్ల వాక్యం నిజానికి దగ్గరైంది. సభలో ఎవరైనా లేచి “అయితే మా ఇల్లు ముంచింది మీరేనా” అని ఆయన్ని నిలదీసే ప్రమాదం కూడా తప్పింది. ఒక మాట పెంచి చెబితే దాని బరువు పరిచయకర్త మీద పడదు, వక్త మీద పడుతుంది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది, చాలామంది దాని గురించి ఆలోచించరు. మన సభల్లో అతిథిని ఒక్కరే పరిచయం చేయరు. స్వాగతం పలికేవారు ఒకసారి చేస్తారు, అధ్యక్షులు తొలిపలుకుల్లో ఇంకోసారి, ఆ తర్వాత పరిచయకర్త. నేను ఎంత జాగ్రత్తగా దాచినా, స్వాగతం చెప్పేవారు “ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉందట...” అంటే అంతా అయిపోతుంది. అందుకే సభకి గంట ముందు ఇద్దరినీ కలిసి అడిగాను: స్వాగతంలో అతిథి పేరు మాత్రం, అధ్యక్షుల మాటల్లో సభ ఎందుకు పెట్టామన్నది మాత్రం. అధ్యక్షులు పెద్దవారు, వెంటనే ఒప్పుకున్నారు. అయినా వేదిక మీద ఆయనకి అతిథితో ఉన్న పాత స్నేహం గుర్తొచ్చి, కాలేజీ రోజుల సంగతులు మూడు నాలుగు నిమిషాలు చెప్పారు. దాన్ని ఆపడం మర్యాద కాదు, ఆపలేదు. నా పరిచయంలో కాలేజీ ప్రస్తావన లేదు కాబట్టి ఏదీ రెండోసారి వినిపించలేదు.

సభలో ఏం కనిపించింది

పరిచయం పనిచేసిందో లేదో చప్పట్లని బట్టి తెలియదు, అవి ఎవరికైనా కొడతారు. నేను మూడు చోట్ల చూస్తాను. మొదటిది, పరిచయం మధ్యలో జనం చూపు ఎటు పోతోందన్నది. “ఆ రాత్రి గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న ఇంజనీరు” అనగానే మధ్య వరసల్లో తలలు ముందు వరస వైపు తిరిగాయి, ఆయన ఎక్కడున్నారా అని. అంటే నన్ను వదిలేసి ఆయన్ని వెతుక్కుంటున్నారు. రెండోది, వక్త మొదటి వాక్యం. ఆయన నమస్కారం పెట్టి, సంచిలోంచి నోటుబుక్కు తీసి, ఏమీ అనకుండా పైకెత్తారు. “మీ వీధి పేరు చెప్పండి” అన్నారు. నా చివరి మాటలకీ ఆయన మొదటి మాటకీ మధ్య అతుకు కనపడలేదు.

మూడోది, ప్రశ్నల సమయం. మొదటి ప్రశ్న మూసారాంబాగ్ నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది: “గేట్లు ఎత్తాక మాకు ఎంత టైము ఉంటుంది సార్?” అది పరిచయంలో నేను విడిచిన ప్రశ్నే. ఆయన ప్రసంగంలో జవాబు చెప్పారు కూడా, ఆవిడకి తన వీధి లెక్క కావాలి. ఆ తర్వాత నాలుగైదు ప్రశ్నలు వీధుల చుట్టూనే తిరిగాయి.

ఇందులో ఒక నష్టం కూడా జరిగింది. ఇంజనీరింగ్ విద్యార్థులకి గేట్ల లెక్కలు, నీటి రాక అంచనాలు ఎలా కడతారన్నది కావాలి. పరిచయం వీధుల మీద పెట్టేసరికి సభ మొత్తం అటు ఒరిగింది. విద్యార్థుల ప్రశ్నలకి టైము మిగల్లేదు, వాళ్లు బయట మెట్ల దగ్గర ఆయన్ని చుట్టుముట్టి అడిగారు. పరిచయం ఒక వైపు తలుపు తెరిస్తే జనం అటే నడుస్తారు. రెండు రకాల శ్రోతలున్నప్పుడు ఎవరి వైపు తెరవాలో నిర్వాహకులతో ముందే తేల్చుకోవాలి. ఇక్కడ సభ కాలనీలవాళ్లది కాబట్టి వాళ్ల వైపే తెరిచాం. అదే ప్రసంగం ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనో జరిగితే వీధుల పేర్లు వదిలేసి, లాగ్‌బుక్కులో లేనిది నోటుబుక్కులో ఏముందన్న ప్రశ్నతో మొదలుపెట్టేదాన్ని.

ఈ పద్ధతి అన్ని సభలకీ సరిపోదు. సన్మాన సభలో మనిషి జీవితమే విషయం. అక్కడ బయోడేటా చదవడం ఆలస్యం కాదు, దానికోసమే అందరూ వచ్చారు. స్మారకోపన్యాసాల్లో కొన్నిటికి నిబంధన ప్రకారం వక్త అర్హతలు సభలో చదివి నమోదు చేయాల్సి ఉంటుంది. అది చదివేసి, ఆ తర్వాత ఒక్క నిమిషం పరిచయం విడిగా చెబుతాను. ఇక వైద్యం మీద సభ అయితే లెక్క తిరగబడుతుంది. మందుల గురించి చెప్పే మనిషి ఎవరన్న అనుమానం జనం మనసులో నిజంగానే ఉంటుంది. ఇవే సంఘాలు వానాకాలం మధ్యలో డెంగీ మీద ఒక డాక్టరమ్మని పిలిచాయి. ఆవిడ పరిచయంలో మొదటి వాక్యమే ఆవిడ డిగ్రీ, రెండోది ఏ వార్డులో ఎన్నేళ్లుగా రోగులని చూస్తున్నారన్నది. ఆవిడ ఫోన్లో చెప్పిన ఆసక్తికరమైన సంగతి, ప్లేట్‌లెట్ల కోసం అర్ధరాత్రి ఊరంతా తిరిగే బంధువులకి ఆవిడ మొదట ఏం చెబుతారన్నది, మూడో వాక్యంలో సగం చెప్పి ఆపాను. మిగతా సగం ఆవిడ చెప్పారు.